ఆ 92,160 ఎక్కడిది? తరుగుదల జవాబును ఏడాదివారీగా సరిచూడటం

ప్రశ్న: అన్నా, నేను బీకాం సెకండియర్. ఒక యంత్రం 1-4-2020న 2,00,000కి కొన్నారు. జీవితకాలం 5 ఏళ్ళు, తుక్కు విలువ 20,000. పుస్తకాలు మార్చి 31న ముగిస్తారు. 31-3-2023 నాటికి పుస్తకపు విలువ స్థిర వాయిదాల పద్ధతిలో ఎంత, 20% చొప్పున తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఎంత అని అడిగారు. నాకు మొదటిది 92,000, రెండోది 92,160 వచ్చాయి. రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి సరిపోయిందనుకున్నా. వెనక జవాబుల్లో రెండోది 1,02,400 అని ఉంది. తప్పు పుస్తకానిదా, నాదా? ఇలాంటివి నాకు నేనే ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: పుస్తకం కరెక్టే తమ్ముడూ. 92,000 కూడా కరెక్టే. 92,160 మాత్రం తప్పు. అది 92,000కి దగ్గరగా రావడం ఉత్త కాకతాళీయం, నిన్ను మోసం చేసింది కూడా అదే. అసలు ఈ రెండు పద్ధతులకీ మధ్యలో ఏ ఏడాదైనా ఒకే విలువ రావాలన్న నియమం లేదు. ఒకటి రెండోదానికి సాక్ష్యం చెప్పదు. దేన్ని దానితోనే సరిచూడాలి.

నీ వర్కింగ్ నువ్వు పెట్టలేదు గానీ, జవాబు చూస్తే ఏం చేశావో తెలిసిపోతోంది. స్థిర పద్ధతిలో 2,00,000లోంచి తుక్కు విలువ 20,000 తీసేశావు, 1,80,000 వచ్చింది, 5తో భాగించి 36,000 అన్నావు. అంతవరకు బాగుంది. ఆ చేత్తోనే రెండో పద్ధతికి కూడా 1,80,000తో మొదలుపెట్టి దాని మీద 20% తీసుకుంటూ పోయావు. మొదటి ఏడాది అక్కడ కూడా 36,000 రావడంతో దారి సరైందేననిపించి ఉంటుంది. 5 ఏళ్ళంటే ఏడాదికి ఐదో వంతు, ఐదో వంతంటే 20%. అందుకే రెండుచోట్లా అదే అంకె పడింది.

ఇప్పుడు రెండు పద్ధతుల్నీ ఏడాదికో వరుస చొప్పున కడదాం. సూత్రం వాడొద్దు. ప్రారంభ నిల్వ, ఆ ఏడాది తరుగుదల, ముగింపు నిల్వ, ఈ మూడు అంకెలు చాలు. ఈ ఏడాది ముగింపు నిల్వే వచ్చే ఏడాదికి ప్రారంభ నిల్వ.

స్థిర వాయిదాల పద్ధతి:

| ముగిసిన ఏడాది | ప్రారంభ నిల్వ | తరుగుదల | ముగింపు నిల్వ |
|---|---|---|---|
| 31-3-2021 | 2,00,000 | 36,000 | 1,64,000 |
| 31-3-2022 | 1,64,000 | 36,000 | 1,28,000 |
| 31-3-2023 | 1,28,000 | 36,000 | 92,000 |

తగ్గుతున్న నిల్వల పద్ధతి, 20%:

| ముగిసిన ఏడాది | ప్రారంభ నిల్వ | తరుగుదల | ముగింపు నిల్వ |
|---|---|---|---|
| 31-3-2021 | 2,00,000 | 40,000 | 1,60,000 |
| 31-3-2022 | 1,60,000 | 32,000 | 1,28,000 |
| 31-3-2023 | 1,28,000 | 25,600 | 1,02,400 |

ఒక చిత్రం చూడు. రెండో ఏడాది చివర రెండు పద్ధతుల్లోనూ 1,28,000 పడింది. ఇది కూడా కాకతాళీయమే. ఎవరైనా ప్రశ్నలో రెండో ఏడాది విలువే అడిగి ఉంటే, రెండు పద్ధతుల్నీ తారుమారు చేసి రాసినా చివరి అంకెకి పూర్తి మార్కులు పడేవి. చివరి అంకె ఒక్కటీ చూసి లెక్క సరైందో కాదో చెప్పలేమని నేను పదేపదే అనేది ఇందుకే.

మరి వరుసలు కట్టాక ఏం చూడాలి? రెండే చూడాలి. మొదటిది మొత్తం: అన్ని ఏళ్ళ తరుగుదలా కలిపి, దానికి చివరి పుస్తకపు విలువ చేరిస్తే యంత్రం అసలు ధర రావాలి. ఇది రెండు పద్ధతులకీ ఒకటే. రెండోది నడక: స్థిర పద్ధతిలో వరుస ఏళ్ళ ముగింపు నిల్వల మధ్య తేడా ఎప్పుడూ ఒకటే ఉండాలి. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో తేడా తగ్గుతూ పోతుంది, కానీ ముగింపు నిల్వని ప్రారంభ నిల్వతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒకటే ఉండాలి. 20% అయితే అది ప్రతి ఏడాదీ 0.8.

ఈ రెంటిలో ఒకటి చూసి ఊరుకుంటే కుదరదు. ఒకటి వదిలేసిన తప్పుని ఇంకొకటి పట్టుకుంటుంది. నీ జవాబుతోనే చూపిస్తా.

నీ వరుసలు 1,80,000 నుంచి 1,44,000, అక్కణ్ణుంచి 1,15,200, చివరికి 92,160. నిష్పత్తి తీస్తే ప్రతిచోటా శుభ్రంగా 0.8 వస్తుంది. నడక చూసి ఆగిపోయి ఉంటే నీ లెక్క పాసైపోయేది. మొత్తం కట్టు: 36,000, 28,800, 23,040 కలిపితే 87,840. దానికి 92,160 చేరిస్తే 1,80,000. ధర 2,00,000 కదా, 20,000 ఏమైపోయింది? లోటు అచ్చంగా తుక్కు విలువంతే ఉంది కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో కూడా అదే చెబుతోంది.

మీ క్లాసులో ఇంకొకరు ఇదే తప్పు చేసి, చివర్లో అనుమానం వచ్చి, తీసేసిన 20,000ని మళ్ళీ కలిపి 1,12,160 అని రాసి ఉంటారు. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఇది బాగా తగులుతుంటుంది. దీనికి మొత్తం సరిపోతుంది: 87,840కి 1,12,160 కలిపితే 2,00,000. ఇప్పుడు నడక చూడాలి. వాళ్ళ ముగింపు నిల్వలు 1,64,000, 1,35,200, 1,12,160. మొదటి ఏడాది నిష్పత్తి 0.82, రెండో ఏడాది సుమారు 0.824, మూడో ఏడాది దాదాపు 0.83. స్థిరంగా లేదు, పైగా మెల్లగా పైకి పాకుతోంది. నిష్పత్తి ఇలా పైకి పాకుతుంటే కదలని ముక్క ఏదో నిల్వలో దాగుందని అర్థం. ఇక్కడ ఆ ముక్క తరుగుదల పడకుండా పక్కన కూర్చున్న 20,000.

మూడో రకం వాళ్ళు ప్రతి ఏడాదీ అసలు ధర మీదే 20% తీస్తారు: 1,60,000, 1,20,000, 80,000. దీనికీ మొత్తం సరిపోతుంది. నిష్పత్తి మాత్రం 0.8, 0.75, 0.667 అంటూ కిందికి జారుతుంది. తేడా ప్రతిసారీ 40,000. అంటే పైన రాసిన పేరు తగ్గుతున్న నిల్వలది, లోపల నడిచింది స్థిర వాయిదాల లెక్క.

ఎక్సెల్‌లో చూసుకుంటానంటే ఇంత చాలు. రెండో వరుసలో ఇవి రాసి, మూడో వరుసలో A3 నింపి, A3ని A4 దాకా, B2, C2, D2లను నాలుగో వరుస దాకా కిందికి లాగు:

```
A2: 200000
B2: =A2*20%
C2: =A2-B2
D2: =C2/A2
A3: =C2
```

D నిలువు వరుస నిండా 0.8 ఉండాలి. మొత్తానికి వేరే గడిలో `=SUM(B2:B4)+C4` అని కొట్టు, 200000 రావాలి.

ఇక్కడ నీకు సందేహం రావాలి: తుక్కు విలువ ఇచ్చినప్పుడు దాన్ని వాడకుండా వదిలేయడమేంటి? స్థిర పద్ధతిలో తుక్కు విలువను ముందే తీసేస్తాం, ఎందుకంటే 5 ఏళ్ళ చివర నిల్వ సరిగ్గా అక్కడికే చేరాలి. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఆ పని రేటు చేస్తుంది. తుక్కు విలువ రేటు లోపలే కలిసి ఉంటుంది. రేటును జీవితకాలం నుంచి రాబట్టే సూత్రం చూస్తే ఇది తెలుస్తుంది: 1 లోంచి, తుక్కు విలువని ధరతో భాగించగా వచ్చినదాని ఐదో మూలాన్ని తీసేయాలి. 20,000 బై 2,00,000 అంటే 0.1, దాని ఐదో మూలం 0.630957. కాబట్టి రేటు 36.9043%. ఈ రేటుతో వరుసలు కడితే నిల్వ 1,26,191, 79,621, 50,238, 31,698 మీదుగా ఐదో ఏడాది చివర 20,000 దగ్గర ఆగుతుంది. తుక్కు విలువను ఒకసారి రేటులో చేర్చాక మళ్ళీ ధరలోంచి తీస్తే రెండుసార్లు తీసినట్టే.

నీ ప్రశ్నలో ఇచ్చిన 20% ఆ సూత్రం నుంచి వచ్చింది కాదు, పేపర్ తయారుచేసినవారు నేరుగా ఇచ్చిన రేటు. దానితో ఐదేళ్ళు నడిపితే 65,536 దగ్గర ఉంటావు, 20,000 దరిదాపుల్లో కూడా కాదు. అందుకని ఐదో ఏడాది చివర తుక్కు విలువ రాలేదని లెక్క తప్పనుకోకు. రేటు ఇచ్చేశారంటే తుక్కు విలువ ఆ పద్ధతికి అక్కర్లేదు, స్థిర పద్ధతి కోసమే ఇచ్చారనుకోవాలి. రేటు ఇవ్వకుండా కనుక్కోమంటే మాత్రం చివరి వరుస తుక్కు విలువను తాకి తీరాలి.

తాకడమంటే రూపాయితో సహా కాదులే. రేటును 37%కి సవరిస్తే ఐదో ఏడాది చివర సుమారు 19,849 వస్తుంది, 151 రూపాయల తేడా. ఇది రేటు గుండ్రం చేయడం వల్ల వచ్చిన తేడా, తప్పు కాదు. ఎక్సెల్‌లో `=DB(200000,20000,5,1)` అని కొడితే మొదటి ఏడాది తరుగుదల 73,800 అని చూపిస్తుంది, నువ్వు చేత్తో కడితే 73,808 చిల్లర వస్తుంది. ఆ ఫంక్షన్ రేటును మూడు దశాంశాలకి సవరించి 0.369 అని తీసుకుంటుంది, అంతే. అలా పోతే ఐదో ఏడాది చివర 20,007 దగ్గర నిలుస్తుంది. తేడా పదుల్లో, వందల్లో ఉంటే ముందు సవరింపుని అనుమానించు. వేలల్లో ఉంటే వరుసల్లో ఏదో పోయింది.

ఈ రేటు రాబట్టే పని పుస్తకాల్లోనే ఉంటుందనుకోకు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలులో ఉన్నది రేట్లు కాదు, జీవితకాలాలు. సాధారణ యంత్రాలకి 15 ఏళ్ళు, తుక్కు విలువ మామూలుగా ధరలో 5% దాటకూడదు. 0.05 యొక్క పదిహేనో మూలం తీసి 1 లోంచి తీసేస్తే 18.10% వస్తుంది. ఆడిట్ ఆఫీసుల్లో అందరి నోటా వినపడే 18.10 ఇదే.

ఇప్పుడు తేదీల సంగతి. అసలు గొడవలు పుట్టేది ఇక్కడే.

నీ 92,160ని పూర్తిగా పారేయొద్దు. అదే యంత్రం 1-4-2020న కాక 1-10-2020న కొన్నారనుకో, 31-3-2024 నాటి విలువ అడిగారనుకో. మొదటి ఏడాది ఆరు నెలలే కాబట్టి 40,000లో సగం, 20,000. ముగింపు నిల్వ 1,80,000. తర్వాత 36,000 పోయి 1,44,000. తర్వాత 28,800 పోయి 1,15,200. తర్వాత 23,040 పోయి 92,160. అంకెలన్నీ నువ్వు రాసినవే! ఈ ప్రశ్నకి అవి పూర్తిగా సరైనవి. తేడా అంతా మొదటి వరుసలోనే ఉంది: ఇక్కడ 2,00,000 నుంచి 1,80,000కి ఆరు నెలల తరుగుదల తీసుకొచ్చింది, నీ లెక్కలో తుక్కు విలువ తీసుకొచ్చింది. కాబట్టి సరిచూసేటప్పుడు పై వరుసను వదిలేసి కింద నుంచి మొదలుపెట్టకు. ప్రారంభ నిల్వ యంత్రం పూర్తి ధరేనా, అందులో రవాణా, బిగింపు ఖర్చులు కలిశాయా అన్నది మొదట చూడు. కొన్న ఏడాది నిష్పత్తి 0.9 ఉండి తర్వాత 0.8 అయితే కంగారు అక్కర్లేదు, ఆరు నెలలకి 10% కాబట్టి 0.9 రావాలి.

కొంతమంది చురుకైనవాళ్ళు వరుసలు కట్టే ఓపిక లేక 0.8ని మూడున్నర ఘాతానికి పెంచేసి 91,589 అంటారు. గణితంగా అది బాగానే ఉంటుంది గానీ పుస్తకాలు అలా నడవవు. ఏడాది లోపల తరుగుదల నెలల లెక్కన సమానంగా పంచుతాం, నిల్వ తగ్గేది పుస్తకాలు మూసిన రోజునే. 571 రూపాయల తేడా అక్కణ్ణుంచి వచ్చింది.

ఇదే విషయం అమ్మకంలో ఇంకా బాగా బయటపడుతుంది. 1-10-2020న కొన్న ఆ యంత్రాన్ని 30-9-2023న 1,00,000కి అమ్మేశారనుకో. వాడింది సరిగ్గా మూడేళ్ళు. స్థిర పద్ధతిలో 18,000, రెండుసార్లు 36,000, చివరి ఆరు నెలలకి 18,000, వెరసి 1,08,000. పుస్తకపు విలువ 92,000. ఏప్రిల్‌లో కొని మూడేళ్ళు వాడినప్పుడూ 92,000 వచ్చింది, ఇప్పుడూ అంతే. స్థిర పద్ధతికి నెలలే ముఖ్యం, పుస్తకాలు ఎప్పుడు మూస్తారన్నది పట్టదు.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో అలా ఉండదు. 31-3-2023న నిల్వ 1,15,200. దాని మీద ఆరు నెలలకి 11,520. అమ్మిన రోజు విలువ 1,03,680. ఏప్రిల్‌లో కొన్నప్పుడు మూడేళ్ళకి 1,02,400 కదా. అదే యంత్రం, అదే రేటు, అవే ముప్పై ఆరు నెలలు, అయినా 1,280 తేడా. మధ్యలో మార్చి 31లు ఎక్కడ పడ్డాయన్న దాన్ని బట్టి నిల్వ మారింది. సూత్రంతో వచ్చిన 1,02,400ని ఇక్కడ పెట్టేసి నష్టం 2,400 అని రాసేవాళ్ళు చాలామంది. సరైన నష్టం 3,680. స్థిర పద్ధతిలోనైతే నష్టం కాదు, 8,000 లాభం.

అమ్మకం ఉన్న లెక్కకి మొత్తం సరిచూడటం కొంచెం మారుతుంది. మొత్తం తరుగుదలకి నష్టం కలిపితే, లేదా లాభం తీసేస్తే, కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా రావాలి. ఇక్కడ 1,00,000. తగ్గుతున్న నిల్వల్లో 20,000, 36,000, 28,800, 11,520 కలిపి 96,320, దానికి నష్టం 3,680 చేరిస్తే 1,00,000. స్థిర పద్ధతిలో 1,08,000లోంచి 8,000 తీస్తే 1,00,000. ఏ పద్ధతి పట్టుకున్నా యంత్రం మీద పోయింది అంతే, ఏ ఏడాది ఎంత రాశామన్నదే తేడా. రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చదగ్గ చోటు ఇదొక్కటే.

ఇక్కడ కూడా ఒక జాగ్రత్త. 2,400 నష్టం అని రాసినవాళ్ళకీ ఈ మొత్తం సరిపోయేలా రాయొచ్చు, 97,600 తరుగుదల అనేస్తే చాలు. కానీ ఆ 97,600ని ఏడాదివారీగా విడగొట్టమంటే దొరికిపోతారు: మొదటి ఆరు నెలలకి 40,000 చూపించి ఉంటారు.

చివరగా, ఇంట్లో ఎవరిదైనా వ్యాపారం ఉండి, ఆదాయపు పన్ను కాగితాల్లో అంకె వేరేగా కనిపిస్తే తికమకపడకు. అక్కడ నెలల లెక్క ఉండదు. 1961 చట్టం కింద 2020-21లో, కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం రేటు, లేకపోతే పూర్తి రేటు. 2020 అక్టోబరు 1 నుంచి 2021 మార్చి 31 దాకా లెక్కపెడితే 182 రోజులు. అంటే ఆ రోజే వాడకంలో పెట్టిన యంత్రానికి పన్ను లెక్కలో పూర్తి ఏడాది తరుగుదల వచ్చేది, వ్యాపారం పుస్తకాల్లో ఆరు నెలలే. అక్టోబరు 4న పెట్టి ఉంటే 179 రోజులయ్యేవి, పన్నులోనూ సగమే. పరీక్షలో మాత్రం వేరే చెప్పకపోతే నెలల లెక్కే రాయి.

నీ ప్రశ్నలో కొన్న తేదీ 1-4-2020 అనే ఉందా, ఇంకోసారి చూసుకో. ఉంటే పై పట్టికలు నోట్సులోకి ఎక్కించుకో, 1,02,400 ఖాయం.